పనిచేయని స్విచ్ మీద వేలు

బాలస్వామికి మేము చేసినదాన్ని మా సంఘంలో ఇప్పటికీ "ఆ తమాషా" అంటారు. మా ఆవిడ సుందరి మాత్రం మొదటి రోజు నుంచీ ద్రోహం అనే అంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు మండడం లేదు. ఆమె అన్నదే సరైన మాట కాబట్టి నన్ను కూడా వదిలిపెట్టకుండా జరిగింది జరిగినట్టు చెబుతాను.

నా పేరు ప్రసన్న కుమార్. పోర్టుబ్లెయిర్‌ డెలానీపూర్‌లో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాని. ప్రోతరాపూర్‌లో కాపురం, అక్కడి మా తెలుగు సంఘానికి కార్యదర్శిని. పొద్దున్న బస్సెక్కి వెళ్లడం, సాయంత్రం బస్సు దిగి రావడం, ఆదివారం చర్చిలో ప్రకటనలు చదవడం, ఇదీ నా బతుకు. బాలస్వామి నాకంటే తొమ్మిదేళ్లు పెద్ద. రక్తసంబంధం ఏమీ లేదు. అయినా నేను అన్నయ్యా అనేవాణ్ణి, ఆయన తమ్ముడూ అనేవాడు. మా నాన్న పోయినప్పుడు శవపెట్టె మోసిన నలుగురిలో ఆయనొకడు.

ఆయన ద్వీపంలోనే పుట్టాడు. వాళ్ల నాన్న కళింగపట్నం వైపు నుంచి ఓడెక్కి కూలికొచ్చి, తిరిగి వెళ్లడం ఎందుకులే అని ఇక్కడే ఉండిపోయాడు. బాలస్వామి కరెంటు డిపార్టుమెంటులో లైన్‌మన్‌గా చేరి ముప్పై నాలుగేళ్లు స్తంభాలెక్కాడు. తుఫానుకి చెట్లు పడి తీగలు తెగితే వానలో టార్చిలైటు నోట్లో కరుచుకుని ఎక్కేవాడు. మా వీధిలో ఎవరింట్లో పగలు లైటు వెలుగుతున్నా గేటు దగ్గర నిలబడి కేకలేసేవాడు. "బత్తీ ఆపండి! డీజిలు ఓడల మీద వస్తంది, మీ తాతలు పంపుతన్నారేటి?" అని. మా కరెంటంతా డీజిలు జనరేటర్లదే. పిల్లలు ఆయన సైకిలు చప్పుడు వినగానే లైట్లు ఆపేసేవారు. ఆయన భార్య ఉన్నన్నాళ్లూ, పోయాక కూతురు లవీనా కూడా, గది దాటేటప్పుడు చెయ్యి దానంతటదే స్విచ్ మీదకి పోయే మనుషులయ్యారు.

ఆయనకి ఇంకో ఉద్యోగం ఉంది. దానికి జీతం లేదు, రిటైర్మెంటూ లేదు. మా చర్చి గుట్ట మీద ఉంటుంది. డిసెంబరు ఒకటో తారీఖున గుట్ట మీద పెద్ద గొట్టం నిలబెట్టి, వెదురు బద్దలతో కట్టిన నక్షత్రాన్ని పైకెత్తుతాం. దానికి సీరియల్ సెట్లు చుట్టి ఉంటాయి, చర్చి ముఖం మీద పడేలా రెండు ఫోకస్ లైట్లు ఉంటాయి. ఒకటో తారీఖు నుంచి కొత్త సంవత్సరం దాకా రోజూ చీకటి పడేవేళకి ఆ నక్షత్రాన్ని వెలిగించేది బాలస్వామి. కింద మా ఇళ్లన్నిటి మీదా నక్షత్రాలుంటాయి. అయితే చర్చి నక్షత్రం వెలిగాకే ఎవరైనా తమది వెలిగించాలి. ఇది ఎవరు పెట్టిన కట్టుబాటో తెలీదు, తప్పినవాళ్లని మాత్రం నేను చూడలేదు. సాయంత్రం అయ్యేసరికి అందరం వాకిళ్లలోకొచ్చి గుట్ట వైపు చూస్తాం. పైన వెలగగానే కింద ఒక్కో ఇల్లూ వెలుగుతుంది. సునామీ వచ్చిన ఏడాది కరెంటు లేక, డిసెంబరు ముప్పై ఒకటిన ఆయన గొట్టానికి లాంతరు కట్టి పైకెత్తాడు. ఆ వేళ గుట్ట కింద నిలబడి మగవాళ్లం కూడా ఏడ్చాం.

ముప్పై ఒక్క ఏళ్లు అలా నడిచింది. ముప్పై రెండో ఏట రెండు తప్పులు జరిగాయి.

ఒక సాయంత్రం ఆయన రాలేదు. మేమంతా చీకట్లో నిలబడి చూసి చూసి మనిషిని పంపితే, ఇంట్లో కూర్చుని టీ తాగుతున్నాడట. "ఈ వేళ ఏ నెల?" అని అడిగాడట. మేం నవ్వుకున్నాం, వయసు కదా అనుకున్నాం. తరవాత వారం తుష్నాబాద్‌లో ఎవరిదో సమాధి కార్యక్రమానికి వెళ్తూ నక్షత్రం ఆపడం మరిచిపోయాడు. స్విచ్‌లుండే చర్చి పక్కగది, అదే వెస్ట్రీ, దాని తాళం ఆయన జేబులోనే ఉండిపోయింది. నక్షత్రమూ రెండు ఫోకస్ లైట్లూ రెండు రాత్రులూ ఒక పగలూ వెలిగాయి. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆ లైట్లు వెలుగుతుంటే, గేటు దగ్గర ఆయన చేత తిట్లు తిన్న కుర్రాళ్లందరికీ పండగైంది. "బత్తీ ఆపండి మావయ్యా! డీజిలు ఓడల మీద వస్తంది!" అని ఆయన ఎదురైన చోటల్లా అన్నారు. ఆయన నవ్వాడు, కానీ అప్పటి నుంచీ ఆదివారం వెనక బల్లలోనే కూర్చునేవాడు.

ఇంతవరకూ మాకు తెలిసిన సంగతి. మాకు తెలియనిది ఏమిటంటే, ఆయన ఎవరికీ చెప్పకుండా డాక్టరుకి చూపించుకున్నాడు. ఇది మామూలు మతిమరుపు కాదు, పెరుగుతుంది అని డాక్టరు చెప్పాడు. జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని ప్రతిదీ రాసుకోమన్నాడు, రోజూ పొద్దున్న లేవగానే అది చదువుకోమన్నాడు. ఆ కాగితాలు కూతురికి కూడా చూపించకుండా ట్రంకు పెట్టె అడుగున దాచాడు. చెప్పింది ఒక్కడికే, మేనల్లుడు కెల్విన్‌కి.

కెల్విన్‌కి ముప్పై నాలుగేళ్లు. పోర్టుబ్లెయిర్‌లో ఎలక్ట్రికల్ దుకాణం ఉంది. కెమెరాలు బిగిస్తాడు, ఇన్వర్టర్లు పెడతాడు. వాడికి స్క్రూడ్రైవర్ పట్టుకోవడం నేర్పింది బాలస్వామే. తండ్రి తాగి పడి ఉంటే ఈయనే వెంట తిప్పుకుని పని నేర్పి మనిషిని చేశాడు. అందుకే ధైర్యంగా వాడి దగ్గరికి వెళ్లాడు. ఆ రోజు మాటలు తరవాత కెల్వినే నాకు చెప్పాడు, గొప్పగా చెప్పాడు.

"ఒరే, నాకు మరుపొచ్చీసింది. నక్షత్రం టైముకి ఎలగాల, టైముకి ఆరాల. నా బుర్ర మీద ఒదిలీకూడదు. ఏటైనా సామాను ఉందేట్రా?" అన్నాడట.

"హై నా మావయ్యా, స్మార్ట్ ప్లగ్ పెట్టేద్దాం. ఎప్పుడు సూర్యుడు దిగితే అప్పుడు అదే ఆన్, పదింటికి అదే ఆఫ్. నువ్వు పడుకున్నా పర్వాలేదు" అన్నాడు కెల్విన్.

"ఎవరికీ చెప్పకు. పాస్టరు గారికీ వద్దు, లవీనాకీ వద్దు. నువ్వూ నానూ, అంతే. ఒట్టు?"

"పక్కా మావయ్యా. ఒట్టు."

కొత్త వస్తువులంటే బాలస్వామికి భయం ఉందని మీరనుకుంటే పొరపాటు. మరుసటి ఏడు నవంబరు ఆఖర్లో, నక్షత్రాన్ని ఇంకా పైకెత్తకముందే, ఇద్దరూ చర్చిలో సొంతంగా పరీక్ష పెట్టుకున్నారు. ప్లగ్ ఎంత లోడు మోస్తుందో దాని వెనక చదివి, సీరియల్ సెట్లూ ఫోకస్ లైట్లూ కలిపి లెక్కేసి, సగానికి లోపే ఉందని తేల్చాక గానీ బిగించనివ్వలేదు. వానకి తడవకుండా వెస్ట్రీ గదిలో బీరువా వెనక ఉన్న సాకెట్‌లో పెట్టించాడు. పాస్టరు గారింటి వైఫై అక్కడిదాకా వస్తుంది. యాప్ ఆయన ఫోన్‌లోనే వేసి, ఆయన పేరుతోనే తెరిచారు. ఏదైనా తేడా వస్తే పోర్టుబ్లెయిర్ నుంచే చూసుకుంటానని కెల్విన్ తన పేరు కూడా అందులో చేర్చుకున్నాడు, ఇంకొకళ్లని చేర్చుకునే పెత్తనంతో సహా.

సూర్యాస్తమయం తరవాత పది నిమిషాలకి వెలగాలని పెట్టారు. ఆ రోజు ఐదు దాటి మూడు నిమిషాలకి వెలగాలి. వెలగలేదు. చీకటి పడిపోయింది. కెల్విన్ ప్లగ్ తీసి పెట్టాడు, వైఫై తిట్టాడు. బాలస్వామి గోడకి ఆనుకుని వాచీ చూస్తూ కూర్చున్నాడు. ఐదు యాభైకి టిక్కుమని చప్పుడై నక్షత్రం వెలిగింది. నలభై ఏడు నిమిషాలు ఆలస్యం.

ఆయన పుస్తకంలో ఆ అంకె రాసుకుని నవ్వాడట. "ఒరే, ఇది మన సూర్యుడు కాదు, మద్రాసు సూర్యుడు. అక్కడ ఇప్పుడే దిగాడు. మీ యాప్ మనల్ని మద్రాసులో ఉన్నామనుకుంటంది" అన్నాడు. అదే నిజం. లొకేషన్ అడిగితే కెల్విన్ వద్దని నొక్కాడు. మన నెట్ సముద్రం కింద తీగలో చెన్నై మీదుగా వస్తుంది కాబట్టి యాప్ దానికి తోచినట్టు చెన్నై వేసుకుంది. గడియారం రెండు చోట్లా ఒకటే, సూర్యుడు మాత్రం మనకి ముందే వెళ్లిపోతాడు. లొకేషన్ పోర్టుబ్లెయిర్‌కి మార్చారు. మర్నాడు ఐదూ మూడుకి సరిగ్గా వెలిగింది. దుకాణం పెట్టినవాడికి తెలియనిది, మరుపొచ్చిన మనిషి వాచీ చూసి పట్టుకున్నాడు. ఈ సంగతి కెల్విన్ ఎవరికీ చెప్పలేదు. వాడు చెప్పింది వేరే.

ఇక మిగిలింది జనం కళ్లు. రోజూ ఆయన నొక్కితేనే నక్షత్రం వెలుగుతుందని చూసేవాళ్లకి ఏం చూపించాలి? ప్లగ్‌కి కరెంటు ఎప్పుడూ ఉండాలంటే గోడ స్విచ్ ఎప్పుడూ వేసే ఉంచాలి, దాన్ని ముట్టుకోకూడదు. పక్కన ఒక పాత స్విచ్ ఉంది. పూర్వం గంట దగ్గర లైటుది, తీగ ఎప్పుడో తెంపేశారు. బాలస్వామి ఆ పనిచేయని స్విచ్‌ని ఎంచుకున్నాడు. సాయంత్రం గుట్టెక్కి, వెస్ట్రీ తలుపు బార్లా తెరిచి, అందరికీ కనిపించేలా బోర్డు ముందు నిలబడి దాని మీద వేలు పెట్టేవాడు. వాచీ చూసుకుంటూ ఉండి, టిక్కుమనే ముందు క్షణం నొక్కేవాడు. పైన వెలిగేది.

ఆ ఏడాది మొదటి నాలుగు రోజులూ ఒక్క నిమిషం తేడా లేదు. పదింటికి ఠంచనుగా ఆరిపోయేది. "బాలస్వామి గారు మళ్లీ గాట్లో పడ్డారు, కరెంటు కూడా ఆదా" అని పాస్టరు గారు ఆదివారం పుల్పిట్ మీద నుంచి మెచ్చుకున్నారు. ఆయన ముందు బల్లలోకొచ్చి కూర్చున్నాడు. నేను చూశాను ఆ ముఖం. పదేళ్లు తగ్గినట్టుంది.

ఐదో రోజు కెల్విన్ మా వీధి టీ కొట్లో కూర్చుని తన ఫోన్ తీశాడు. వాడికి దుకాణంలో ప్లగ్‌లు అమ్ముడుపోవాలి. ఇళ్ల నక్షత్రాలకి పెట్టుకోమని చెబుతుంటే ఎవరూ నమ్మడం లేదు. "అరే, మీ చర్చి నక్షత్రమే దీనిమీద నడుస్తోంది భయ్యా" అనేశాడు. మరి బాలస్వామి నొక్కుతున్నది ఏమిటని ఎవరో అడిగారు. "నాటకం! ఆ స్విచ్‌కి తీగే లేదు" అన్నాడు. టీ కొట్టంతా విరగబడి నవ్వింది. అందులో నేనూ ఉన్నాను. డాక్టరు సంగతి కూడా అక్కడే చెప్పాడు, కాస్త గొంతు తగ్గించి. గొంతు తగ్గించాడు కాబట్టి మేం నవ్వు ఆపాం, ఒక నిమిషం.

ఆ సాయంత్రం జనం వాకిళ్లలో ఉండలేదు, గుట్టెక్కారు. తెరిచిన తలుపులోంచి ఆయన్ని చూడ్డానికి. ఆయన వాచీ చూసుకుని, గొంతు సవరించుకుని, తీగ లేని స్విచ్ నొక్కాడు. వెలిగింది. ఎవరో చప్పట్లు మొదలెట్టారు, సుందరి తప్ప అందరం కొట్టాం. బాలస్వామి గుమ్మంలోకొచ్చి చెయ్యెత్తి "వందనాలు, వందనాలు" అన్నాడు. చాలామంది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

మర్నాడు ఇంకా ఎక్కువమంది వచ్చారు. రోజురోజుకీ అది మా సాయంకాలపు వినోదమైపోయింది. ఎవరో దూరం నుంచి వీడియో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అడిగినవాళ్లందరికీ కెల్విన్ వాళ్ల ఫోన్ల నుంచి కూడా నడిపేలా నక్షత్రం యాప్‌లో వాటా ఇచ్చాడు, చూసి సరదాపడితే ప్లగ్ కొంటారని. నాకూ ఇచ్చాడు. నేను తీసుకున్నాను.

లవీనాకి కూడా ఇచ్చాడు. ఆ పిల్ల ఒక రోజు బస్సులో నా పక్కన కూర్చుంది. "అంకుల్, డాడీ ఖుష్‌గా ఉన్నారు కదా. పాపం, ఇంతమంది వస్తున్నారని రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుంటున్నారు. చెప్పి ఏడిపించడం ఎందుకు?" అంది. అంటూనే కిటికీ వైపు తిరిగింది. తనతో చెప్పకుండా కెల్విన్‌తో చెప్పుకున్నాడే అన్న బాధ ఆ పిల్లకి కూడా ఉంది. నేను అవునమ్మా అన్నాను. ఆ అవును నాకు చాలా సుఖంగా ఉండింది.

సుందరి మాత్రం రెండో రోజు నుంచే గుట్టెక్కడం మానేసింది. "ఆయన మీ నాన్న పెట్టె మోశాడు. మీరెళ్లి చెప్తారా లేదా?" అని అడిగింది. "చెప్తే తట్టుకోలేడు" అన్నాను. "తట్టుకోలేనిది మీరు. రేపటి నుంచి నవ్వడానికి ఏమీ ఉండదు" అంది. నేను అన్నం మధ్యలో లేచి వెళ్లిపోయాను.

డిసెంబరు ఇరవయ్యో తారీఖు. ఆ రోజు గుట్ట మీద దగ్గర దగ్గర అరవై మందిమి ఉన్నాం. గాయకబృందంలో పాడే ఏంజెలీనాకి ఒక చిలిపి ఆలోచన వచ్చింది. బాలస్వామి ఇంకా మెట్లెక్కుతున్నాడు. సూర్యుడు చెట్ల మీద ఉన్నాడు. ఆ పిల్ల ఫోన్ తీసి నొక్కింది. ఆయన మెట్ల మధ్యలో ఉండగానే పైన నక్షత్రం వెలిగింది.

అందరూ గొల్లుమన్నారు. "మావయ్యా, చూపుతోనే వెలిగించేశావ్!" అని కెల్విన్ అరిచాడు.

ఆయన తల ఎత్తి నక్షత్రం వైపు చూశాడు. వాచీ చూశాడు. సూర్యుడి వైపు చూశాడు. ఆయన ముప్పై నాలుగేళ్లు లైన్ల మీద తప్పు ఎక్కడుందో వెతికిన మనిషి. షెడ్యూల్ అయితే వెలగడానికి ఇంకా చాలాసేపుంది, కాబట్టి ఇది ఎవరో మనిషి చేసిన పని అని అక్కడికక్కడే తెలిసిపోయి ఉంటుంది. మెట్టు మీద కూర్చున్నాడు. కళ్లజోడు పెట్టుకుని ఫోన్ తీసి, నింపాదిగా యాప్ తెరిచాడు. ఏ రోజు ఎన్నింటికి వెలిగిందో, షెడ్యూల్ వల్ల వెలిగిందో ఫోన్ నుంచి వెలిగించారో అందులో వరసగా ఉంటుంది. అది చూశాడు. తరవాత ఇంకో పేజీ తెరిచాడు. ఈ ప్లగ్‌ని ఎవరెవరు వాడవచ్చో అందరి పేర్లూ ఉండే పేజీ. యాప్ ఆయన పేరు మీదే ఉంది కదా, ఎవరు చేరినా అక్కడ కనబడతారు. అంతకుముందు ఎప్పుడూ అది తెరవాల్సిన పని ఆయనకి పడలేదు.

జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. పెన్ను తీశాడు. ఒక్కో పేరూ చూసి రాసుకోవడం మొదలుపెట్టాడు. నవ్వులు ఒక పక్క నుంచి తగ్గుతూ వచ్చాయి. కెల్విన్ దగ్గరికి వెళ్లి భుజం మీదుగా తొంగిచూశాడు, కానీ వాడికి ఆ తెలుగు రాత చదవడం రాదు. నాకు వచ్చు. మొదటి పేరు కెల్విన్. రెండోది లవీనా. ఏంజెలీనా పేరు మధ్యలో ఎక్కడో ఉంది. ఏడోది నాది. ఇంటిపేరుతో సహా రాశాడు, పొల్లు కూడా తప్పులేకుండా. మొత్తం పదకొండు.

రెండో పేరు రాసేటప్పుడు మాత్రం పెన్ను కాసేపు ఆగింది. లవీనా ఆయనకి నాలుగు మెట్ల కింద నిలబడి ఉంది. "డాడీ..." అంది. ఆయన తల ఎత్తలేదు.

పుస్తకం జేబులో పెట్టుకుని లేచాడు. నా దగ్గరికొచ్చాడు. కార్యదర్శిని కదా, వెస్ట్రీ తాళం నా చేతిలో పెట్టాడు. గొంతు మామూలుగానే ఉంది.

"నానేటనుకున్నానంటే తమ్ముడూ, మీరు సప్పట్లు కొట్టింది నక్షత్రానికి అనుకున్నాను."

మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు ఆ రోజు కూడా.

క్రిస్మస్ ముందు రోజు సాయంత్రం గుట్ట మీద నూటేభై మంది చేరారు. వెస్ట్రీ తలుపు తెరిచి ఉంది, బోర్డు ముందు ఎవరూ లేరు. ఐదు దాటి పన్నెండు నిమిషాలకి నక్షత్రం దానంతటదే వెలిగింది. ఒక్క క్షణం అటూ ఇటూ కాలేదు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పాస్టరు గారు ప్రార్థన చేశారు, అందరం కిందికి చూశాం. ఇళ్లన్నీ వెలిగాయి. బాలస్వామి ఇంటి మీద నక్షత్రం వెలగలేదు. ఆ ఏడాది ఇక వెలగలేదు.

పండగ మర్నాడు నేను వెళ్లాను. ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ వెళ్లి ఆయన ముందు కూర్చున్నాను. "అన్నయ్యా, తప్పైపోయింది" అన్నాను.

ఆయన పుస్తకం తీసి, ఆ పేజీ జాగ్రత్తగా చింపి నాకిచ్చాడు.

"పొద్దున్న లెగగానే ఇది సదువుకోవాలి నాను, డాక్టరు సెప్పాడు. లవీనా టీ తెచ్చిస్తంది, నాను పుస్తకం తీస్తాను, అందులో దాని పేరు. నిన్న ఒకసారి సదివాను, ఈ వేళ మళ్లీ కొత్తగా సదివాను. రోజూ కొత్తగా నా వల్ల కాదు. నువ్వు ఉంచుకో. నువ్వైతే మర్చిపోవు."

ఆ కాగితం నా బైబిల్లో ఉంది. ఎవరికీ చూపించలేదు.

ఏడాది గడిచింది. కెల్విన్ ప్లగ్‌లు బాగా అమ్ముడుపోయాయి. ఇప్పుడు మా వీధిలో సగం ఇళ్ల నక్షత్రాలు ఆ యాప్ మీదే నడుస్తున్నాయి. నిజం చెప్పాలి, కరెంటు ఆదా అవుతోంది, ఎవరూ మరిచిపోవడం లేదు, తెల్లారేదాకా ఎవరి నక్షత్రమూ వెలగడం లేదు. బాలస్వామి నలభై ఏళ్లు అరిచినా జరగనిది జరిగింది. అన్నిటికీ సూర్యుడు ఒకడే కాబట్టి అన్నీ ఒకేసారి వెలుగుతాయి. గుట్ట వైపు చూడాల్సిన పని ఎవరికీ లేదు.

ఆయనకి జబ్బు ముదిరింది. లవీనా ఉద్యోగానికి సెలవు పెట్టి కూర్చుంది. పోయిన డిసెంబరు ఇరవయ్యో తారీఖున మెట్ల మీద జరిగింది ఆయనకి గుర్తులేదు. కెల్విన్ వస్తే "రారా అల్లుడా" అని దగ్గర కూర్చోబెట్టుకుంటాడు. వాడు పది నిమిషాలు కూడా కూర్చోలేక లేచిపోతాడు. నవంబరు ఆఖర్లో ఒక రోజు ఆయన లవీనాని ఇస్త్రీ చొక్కా అడిగాడు. గుట్టెక్కాలి, టైమైంది అన్నాడు. నేను నిరుడు పాస్టరు గారికి అప్పగించేసిన వెస్ట్రీ తాళాన్ని సుందరి వాళ్లింటికి వెళ్లి గట్టిగా మాట్లాడి తెచ్చి, బాలస్వామి చేతిలో పెట్టింది.

డిసెంబరు ఒకటిన నేను ఆయన చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాను. సగంలో ఆగాడు. అటూ ఇటూ చూసి, నా చెవి దగ్గరికి వంగాడు.

"తమ్ముడూ, నీకొక్కడికే సెప్తన్నాను. ఎవరితో అనకు. నాకు మరుపొచ్చింది. ఆ నక్షత్రం నాను ఎలిగించడం లేదు. కెల్విన్ గాడు ప్లగ్ పెట్టాడు. నాను ఉత్తినే ఏలెడతన్నాను, ఆ స్విచ్‌కి తీగ లేదు."

నేను ఆయన చొక్కా మడత సరిచేశాను.

"సెప్పవు కదా?"

"చెప్పనన్నయ్యా."

ఆయన హాయిగా ఊపిరి తీసుకున్నాడు. "ఎవరికో ఒకరికి సెప్పుకోవాలి కదా. నువ్వైతే నమ్మకం" అని నా చెయ్యి నొక్కాడు.

వెస్ట్రీ తలుపు బార్లా తెరిచాం. ఆయన బోర్డు ముందు నిలబడి పాత స్విచ్ మీద వేలు పెట్టి, వాచీ చూసుకున్నాడు. ఐదూ మూడుకి టిక్కుమంది. ఆయన అదే క్షణంలో నొక్కాడు. పైన వెలిగింది. కింద సగం ఇళ్లూ అప్పుడే, ఆయనతో సంబంధం లేకుండా వెలిగాయి. గుట్ట మీద ఆయనా, నేనూ, సుందరీ, లవీనా, మేం నలుగురమే ఉన్నాం. ఆయన గుమ్మంలోకొచ్చి, వందనాలు చెప్పడానికి చెయ్యెత్తి, అలాగే ఆగిపోయాడు.

"ఈ ఏడు సప్పట్లు కొట్టరేటి తమ్ముడూ?" అన్నాడు.

నిరుడు ఒక్కసారి కూడా కొట్టని మా ఆవిడ ముందుకొచ్చి చప్పట్లు కొట్టింది. లవీనా ఏడుస్తూ కొట్టింది. నేను చేతులు పైకి తెచ్చాను గానీ కొట్టలేకపోయాను.